ఆఖరి బస్సు: పల్లవికి పేరు, పేరుకి నడక

విజయవాడ బస్టాండులో బందరు బస్సు దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? తలుపు దగ్గర నిలబడి మనిషి పిలుస్తుంటాడు. "బందరు, బందరు, బందరు!" అని మూడుసార్లు. ఆ వెంటనే గుక్క తిప్పుకోకుండా, "కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు" అనేస్తాడు. మళ్ళీ "బందరు, బందరు, బందరు!" ఊరి పేరేమో తాపీగా, సమానంగా, అంగలు వేసినట్టు వస్తుంది. దారిలో ఊళ్ళ పేర్లు మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. బందరు వెళ్ళాల్సినవాడు బస్టాండు ఆ చివర టీ తాగుతున్నా సరే, ఆ మూడు పిలుపులు చెవిన పడగానే గ్లాసు దించేస్తాడు. ఉయ్యూరు వెళ్ళాల్సినవాడు మాత్రం దగ్గరికొచ్చి "ఉయ్యూరు ఆగుతుందా?" అని అడుగుతాడు. అతని ఊరి పేరు కూడా అదే గొంతు పలికింది, అతనికి వినపడలేదు.

ఇవాళ నేను మాట్లాడబోయే సంగతి అదే. పాట పేరే పాటకు కొక్కెంగా ఎలా మారుతుందన్నది. సినిమావాళ్ళు దీన్ని హుక్ లైన్ అంటారు. చేపను గాలం పట్టినట్టు చెవిని పట్టే మాట అది. నేను లలిత సంగీతం పాటలు రాసి, బాణీలు కట్టి, పిల్లలకు నేర్పుకునే మనిషిని. కాబట్టి సిద్ధాంతం జోలికి పోకుండా, నేను కట్టిన ఒక్క పాటను విప్పి చూపిస్తాను. మీ దగ్గర బల్ల ఉంటే చెయ్యి దాని మీద పెట్టుకోండి. బల్ల లేకపోతే మోకాలైనా చాలు.

మన పాటలకు విడిగా పేరు పెట్టే అలవాటు తక్కువ. త్యాగరాజ కృతినైనా, నిన్న విడుదలైన సినిమా పాటనైనా పల్లవి మొదటి మాటలతోనే గుర్తుపడతాం. పల్లవి ఎత్తుగడే పాట పేరు. చరణం అయ్యాక మళ్ళీ పల్లవి ఎత్తుకుంటాం కాబట్టి, పేరు దానంతటదే పదేపదే వస్తుంది. ఇంత అనుకూలం ఉన్నా చాలా పల్లవులు చెవిలో నిలవవు. మళ్ళీ మళ్ళీ అనడం సగం పని మాత్రమే. చరణం నడిచిన నడకలోనే పల్లవి కూడా నడిస్తే, ఎన్నిసార్లు అన్నా అది చరణంలో ఇంకో పాదంలాగే వినిపిస్తుంది. ఉయ్యూరులాగా.

కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో కుర్రాళ్ళు నాటిక వేస్తూ పాట కావాలని వచ్చారు. ఆ ఊరికి రాత్రిపూట చివరగా వచ్చే బస్సు చుట్టూ అల్లిన కథ. సంతకు వచ్చినవాళ్ళు, చదువుకు వెళ్ళేవాళ్ళు, ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళు అందరూ ఆ బస్సు కోసమే చూస్తుంటారు. పాట పేరు వెతుక్కోవాల్సిన పని పడలేదు. వాళ్ళు కథ చెబుతూ పదిసార్లు అన్నమాట అదే: ఆఖరి బస్సు. నాకు దొరికిన మంచి పల్లవులన్నీ ఇలా ఎదుటివాళ్ళ నోటి నుంచి ఏరుకున్నవే. నోట్లో అరిగిన మాటకు అప్పటికే ఒక లయ ఉంటుంది. మనం దాన్ని పాడుచేయకుండా ఉంటే చాలు. నేను మొదట చేసింది మాత్రం పాడుచేయడమే.

ముందు చరణం రాసుకున్నాను. సంత ముగిసింది, జనం బస్సు కోసం పరుగెడుతున్నారు. వినండి.

"సంత ముగిసి గంపలెత్తి
చంటిపిల్ల చంకనెత్తి
కొసరు బేరమింక చాలు
పరుగు పరుగు గట్టు మీద."

ఇప్పుడు బల్ల మీద తట్టండి. తకిట, తకిట, తకిట, తకిట. ఒక్కో పాదంలో నాలుగు తకిటలు. సంత, ముగిసి, గంప, లెత్తి. ప్రతి ముక్కా మూడు మాత్రలే. చిన్నప్పుడు బడిలో గురువు లఘువు నేర్చుకున్నాం కదా, ఆ లెక్కే ఇది: లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. "సంత"లో గురువు, లఘువు కలిసి మూడు. "ముగిసి"లో మూడు లఘువులు, మళ్ళీ మూడే. పాదానికి పన్నెండు మాత్రలు, నాలుగు పాదాలకు నలభై ఎనిమిది. ఆ నలభై ఎనిమిదిలో ముప్పై ఆరు అక్షరాలు పట్టించాను. ఊపిరి పీల్చుకోవడానికి ఎక్కడా సందు లేదు. పరుగు కదా, ఉండకూడదనే అలా రాశాను.

తిశ్ర నడక మన నోటికి కష్టం కాదు. పొలంలో నాట్లు వేస్తూ పాడుకునే పాటల్లోనూ, కోలాటంలోనూ అడుగడుగునా వింటాం. చరణం బాగానే కుదిరింది. అదే ఊపులో పల్లవి కూడా కట్టేశాను. తకిట, తకిట అంటూ చెయ్యి ఆగకుండానే "ఆఖరి బస్సు" అనేశాను.

మర్నాడు పిల్లలకు నేర్పించాను. ఏడెనిమిదేళ్ళ పాప ఒకత్తి పాట మధ్యలో ఆగి, "మాష్టారూ, రిబస్సు అంటే ఏంటండీ?" అని అడిగింది.

నవ్వుకున్నాం గానీ, తప్పు ఎక్కడుందో ఆ పిల్ల వేలుపెట్టి చూపించినట్టే అయింది. మాటను తకిటలో పెట్టి మీరే అనండి. ఆఖ. రిబస్. సు. దెబ్బ పడినచోట మాట మొదలవుతుందని చెవి అనుకుంటుంది. నా తాళంలో రెండో దెబ్బ "రి" మీద పడింది. అందుకని "ఆఖ" ఒక మాట అయింది, "రిబస్సు" ఇంకో మాట అయింది. చరణంలో ఎక్కడైనా ఇలా జరిగితే వినేవాళ్ళు ముందువెనకల్ని బట్టి సర్దుకుంటారు. కానీ పాట పేరే విరిగిపోతే సర్దుకోవడానికి వాళ్ళ దగ్గర ఇంకేం ఉండదు. ఎన్నిసార్లు మళ్ళీ పాడితే అన్నిసార్లు విరుగుతుంది.

సరే, అసలు ఆ మాట సహజంగా ఎలా నడుస్తోందో చూద్దామని తాళం పక్కన పెట్టి, వీధిలో ఎవరినో పిలుస్తున్నట్టు అన్నాను. "ఆఖరి బస్సూ!" ఆ, ఖ, రి: రెండు, ఒకటి, ఒకటి. మొత్తం నాలుగు. బస్సూ: రెండు, రెండు. అదీ నాలుగే. అంటే ఇది తకధిమి, తకధిమి. చతురశ్ర నడక. ఆ మాట పుట్టుకతోనే నాలుగు కాళ్ళది. దాన్ని నేను మూడు కాళ్ళ పీట మీద కూర్చోబెట్టాను.

అప్పుడు నాకు తోచిన మొదటి మందు చరణాన్ని కూడా నాలుగుల్లోకి మార్చేయడం. మార్చి చూశాను కూడా. మాట విరగలేదు, పాప కూడా ఏమీ అడగలేదు. కానీ పాట చప్పబడిపోయింది. చరణం ఎక్కడ ఆగిందో, పల్లవి ఎక్కడ ఎత్తుకున్నామో తెలియలేదు. దీనికో సులువైన పరీక్ష ఉంది. మాటలు తీసేసి మొత్తం పాటను "తత్తత్తా" అంటూ ఒక స్నేహితుడికి వినిపించండి. పల్లవి రాగానే చెయ్యి ఎత్తమనండి. ఎత్తలేకపోతే మీ పల్లవిని మాటల అర్థమే మోస్తోందని అర్థం. పక్కగదిలో రేడియో మోగుతున్నప్పుడు మాటలు సగం వినపడవు. లయ మాత్రం గోడలు దాటి వస్తుంది. నా స్నేహితుడు చెయ్యి ఎత్తలేదు సరికదా, పాట అయిపోయిందా అని అడిగాడు.

చరణాన్ని మళ్ళీ మూడుల్లోకి తెచ్చేశాను. మరి పల్లవి నాలుగుల్లో, చరణం మూడుల్లో ఉంటే రెండూ ఒక తాడు మీద ఎలా నిలుస్తాయి? ఇక్కడ పన్నెండు అనే అంకె ఆదుకుంది. పన్నెండంటే నాలుగు మూళ్ళు. పన్నెండంటే మూడు నాలుగులు కూడా. పాదం పొడవు మారదు, మాత్ర వేగం మారదు, కోత ఒక్కటే మారుతుంది. చరణంలో తకిట తకిట తకిట తకిట. పల్లవిలో తకధిమి తకధిమి తకధిమి. రెండూ ఒకేచోట బయల్దేరి ఒకేచోట చేరతాయి.

చెయ్యి ఊహించుకోండి. చరణంలో నిమిషానికి వంద దెబ్బలు పడుతున్నాయనుకుందాం. దెబ్బకు మూడు మాత్రలు, అంటే నిమిషానికి మూడు వందల మాత్రలు. పల్లవికి వచ్చేసరికి అవే మూడు వందలు, కానీ దెబ్బకు నాలుగు. డెబ్బై ఐదు దెబ్బలే పడతాయి. పాట ఏమాత్రం నిదానించలేదు. అయినా పరుగెత్తుకొచ్చినవాడు బస్సు కనపడగానే అంగలు సాచి నడిచినట్టు అనిపిస్తుంది. ఆ తేడానే కొక్కెం. బందరు బస్సు మనిషి ఏ గురువు దగ్గరా నేర్చుకోకుండానే ఇదే చేస్తాడు. "బందరు"లో కూడా నాలుగు మాత్రలే. మూడుసార్లు అంటే పన్నెండు.

ఇంకా ఒక ఖాళీ మిగిలింది. "ఆఖరి బస్సూ"కు ఎనిమిది మాత్రలు సరిపోయాయి. పాదంలో ఇంకో నాలుగున్నాయి. నిజం చెప్పాలంటే నాకు వెంటనే "రా" అనో "అదిగో" అనో తగిలించాలనిపించింది. పాట రాసేవాళ్ళకు ఖాళీ చూస్తే చెయ్యి దురద. "ఆఖరి బస్సూ అదిగో" అని ఒకరోజు పాడించాను కూడా. రెండో రోజుకి పిల్లలు దాన్ని "అదిగో బస్సు" అని పాడుకుంటున్నారు. పేరు మారిపోయింది! చివర ఉన్న మాటే నోట్లో మిగులుతుంది. పాట పేరు చివర ఉండాలంటే దాని తర్వాత ఏమీ ఉండకూడదు. "అదిగో" కొట్టేసి ఆ నాలుగు మాత్రలూ మౌనంగా వదిలేశాను. మనం అనుకున్న వేగంలో అది సెకను కూడా ఉండదు, ముప్పావు సెకనుకి కాస్త ఎక్కువ. చరణంలో నలభై ఎనిమిది మాత్రలు సందు లేకుండా నిండి ఉన్నాయి కాబట్టి, ఈ చిన్న ఖాళీ పెద్ద గుమ్మంలా వినిపిస్తుంది. చరణం పాదానికి ఎనిమిది నుంచి పది అక్షరాలు, పల్లవి పాదానికి ఐదు. ఈ నిండుదనం తేడా నడక తేడాకు తోడైంది.

ఖాళీని కాపాడుకోవడం రాసినంత తేలిక కాదు. డప్పు వాయించే పెద్దాయన ఒకాయన ఉన్నారు, చెయ్యి తిరిగిన మనిషి. "బస్సూ" అనగానే ఆయన చేతులు వాటంతటవే ఆ నాలుగు మాత్రల్లో ఒక ముక్తాయింపు దొర్లించేవి. "ఆ ఖాళీ వదిలెయ్యండి పెద్దాయనా" అంటే, "వదిలేస్తే నేను మర్చిపోయాననుకుంటారు మాష్టారూ" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. చరణంలో ఆయన ఇష్టం, ఎంతైనా దొర్లించుకోవచ్చు. పల్లవిలో "ఆ" మీద ఒకటి, "బ" మీద ఒకటి, అంతే. మూడో తకధిమిలో చేతులు గాల్లో ఉండాలి. ఆ చేతులు గాల్లో ఆగడం చూసి జనం కూడా ఊపిరి బిగబట్టేవారు. ఆయనకు అది నచ్చింది.

పిల్లలతో ఇంకో రకం చిక్కు వచ్చింది. మౌనం వాళ్ళకు పొడవుగా అనిపిస్తుంది. నాలుగు మాత్రలు ఆగాల్సినచోట మూడే ఆగి తర్వాతి పాదంలోకి దూకేస్తారు. పాదం పన్నెండు కాస్తా పదకొండు అవుతుంది. ఒక్కసారికి తెలియదు. అలాంటి నాలుగు పాదాలయ్యేసరికి పాట డప్పు కంటే ఒక తకధిమి ముందుంటుంది. తర్వాత వచ్చే చరణం తప్పుదెబ్బ మీద పడుతుంది. గాయకులు డప్పుని తిడతారు, డప్పు గాయకుల్ని తిడుతుంది. నిజంగా తప్పు జరిగింది మాత్రం ఎవరూ ఏమీ పలకని చోట. దీన్ని పట్టుకోవడానికి చేతి తాళం పనికిరాదు. ఎందుకంటే చరణంలో నాలుగు దెబ్బలు, పల్లవిలో మూడు, పిల్లలు తికమకపడతారు. పాదం మొదట మాత్రమే కాలు నేలకు కొట్టమన్నాను. చరణమైనా పల్లవైనా కాలి దెబ్బకూ కాలి దెబ్బకూ ఎడం ఒక్కటే. మధ్యలో నడక ఎలా మారినా కాలు మారదు. రెండు రోజుల్లో కుదిరిపోయింది.

డప్పు కూడా పాటతోపాటు నాలుగుల్లోకి మారాలా, లేక మూడుల్లోనే ఉండి పైన గొంతు మాత్రం నాలుగుల్లో నడవాలా అని మీలో తాళం తెలిసినవాళ్ళు అడగొచ్చు. రెండోది అందంగానే ఉంటుంది. రెండు నడకలు రాసుకుంటూ పోయి పాదం మొదట కలుసుకుంటాయి. కానీ మధ్యలో ఎక్కడా కలవవు కాబట్టి గొంతు గట్టిగా నిలబడగల గాయకులు కావాలి. పిల్లల బృందంతో నేను ఆ సాహసం చేయలేదు. అందరం కలిసే మారాం.

ఇక మాట సాగదీయడం గురించి. నేను "బస్సు"ను "బస్సూ" చేశాను కదా. తెలుగులో మాట చివర అచ్చును సాగదీస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. మనం పిలిచేదే అలా. పాలవాడు "పాలూ" అంటాడు, కేకేస్తే "రామూ" అంటాం. సాగదీస్తే మాట పిలుపవుతుంది, అర్థం చెడదు. మధ్యలో హ్రస్వాన్ని సాగదీస్తే మాత్రం గొడవే. "ఆఖారి" అంటే ఏమీ కాదు. ఏమీ కాకపోతే ఇంకా నయం. కొన్నిసార్లు వేరే మాట అయి కూర్చుంటుంది. "కల" మొదటి అక్షరం సాగితే "కాల" అవుతుంది, "వడ" సాగితే "వాడ" అవుతుంది. బాణీ ముందు కట్టి మాటలు తర్వాత పెట్టేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే తలనొప్పి. బాణీలో నిలుపు పడేచోట దీర్ఘం గానీ మాట చివర గానీ రావాలి. అందుకని పేరు ఎంచుకునేటప్పుడే చూసుకుంటాను: ఇందులో నిలబడ్డానికి చోటు ఎక్కడుంది? "ఆఖరి బస్సు"లో రెండు చోట్లున్నాయి. మొదట "ఆ", చివర "స్సు". రెండు చివర్లా పట్టుకుని లాగొచ్చు.

ఇప్పుడు ఎన్నిసార్లు అనాలన్న ప్రశ్న. ఒక్కసారి అంటే ఎవరికీ పట్టదు. నాలుగు పాదాల్లో నాలుగుసార్లు అనేశాను మొదట. మూడోసారికే పిల్లల కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. రెండుసార్లు విన్నాక మూడోసారి వస్తుందని చెవి ముందే అనుకుంటుంది. అనుకున్నదే వస్తే దానికి ఇక పని లేదు. కాబట్టి మూడో పాదంలో పేరు తప్పించి, అదే నాలుగుల నడకలో ఒక వాక్యం పెట్టాను. పల్లవి మొత్తం ఇలా తయారైంది.

"ఆఖరి బస్సూ...
ఆఖరి బస్సూ...
అందకపోతే నడకే
ఆఖరి బస్సూ..."

మూడో పాదం మూడు నాలుగులతో నిండా ఉంది, ఖాళీ లేదు. అందక, పోతే, నడకే. రెండుసార్లు ఖాళీ విని అలవాటైన చెవికి ఈసారి ఖాళీ దొరకదు. నాలుగో పాదంలో మళ్ళీ పేరూ ఖాళీ రెండూ వచ్చేసరికి ఇంటికి చేరినట్టుంటుంది. ఒక పల్లవికి పేరు మూడుసార్లు వచ్చింది. మూడు చరణాల పాటలో మొదట ఒకసారి, ప్రతి చరణం తర్వాత ఒకసారి, అలా నాలుగుసార్లు పల్లవి పాడితే పన్నెండుసార్లు. అంతకంటే ఎక్కువైతే నాకే విసుగొస్తుంది.

పన్నెండుసార్లు ఒకే మాట అనాలంటే దాన్ని చరణాల్లో వాడకుండా దాచుకోవాలి. మీరు చరణం మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. సంత ఉంది, గంపలున్నాయి, గట్టు ఉంది. బస్సు లేదు. "ఆఖరి" కూడా లేదు. మొదటి చిత్తుప్రతిలో "బస్సు వచ్చు వేళ" అని ఒక ముక్క ఉండేది. తీసేశాను. ఎందుకోసం పరుగెడుతున్నారో చరణం చెప్పదు. పల్లవి చెబుతుంది. చరణం ప్రశ్న, పేరు జవాబు. జవాబు ముందే జారిపోతే పల్లవి చేసేదేముంది?

మాట మారకుండానే అర్థం మారేలా చూసుకోవడం ఇంకో సంగతి. రెండో చరణంలో సంత లేదు. కొడుకుని చదువుకు పంపుతున్న తల్లి ఉంది.

"పెట్టె మీద పేరు రాసి
పచ్చడన్న మూటగట్టి
చెప్పలేని మాట మింగి
అమ్మ చెయ్యి ఊపు వేళ."

నడక అవే తకిటలు. కానీ పాడే గొంతు పరుగెత్తదు. ఇప్పుడు పల్లవి వస్తే "ఆఖరి బస్సూ" అన్నమాట ముందు అన్నంత హుషారుగా వినపడదు. పేరు అదే, బాణీ అదే, ఖాళీ అదే. అయితే "అందకపోతే నడకే" అని ఇక్కడ పాడలేం, తల్లి మొహం మీద నవ్వినట్టుంటుంది. ఆ ఒక్క పాదం మార్చాను. "కదలకపోతే మేలే" అని. కదల, కపో, తే అని విరగలేదు కదా అని లెక్క చూసుకున్నాను. కదలక, పోతే, మేలే. మళ్ళీ మూడు నాలుగులు. పల్లవిలో మారగల చోటు ఒక్క మూడో పాదమే. పేరున్న పాదాల్ని ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రతి పాటలోనూ నడకే మారాలని నేననడం లేదు. 2023లో ఆస్కార్ అందుకున్న "నాటు నాటు" తీసుకోండి. కీరవాణి గారి బాణీ, చంద్రబోస్ గారి మాట. పాట మొత్తం తిశ్ర ఊపు మీదే నడుస్తుంది. "నాటు" అంటే గురువు, లఘువు, మూడు మాత్రలు. నడక మారకుండానే పేరు చెవికి ఎలా అంటుకుంది? అక్కడ చరణం ఒకదాని వెంట ఒకటి ఉపమానాలు పేర్చుకుంటూ పొడుగ్గా పోతుంది. ప్రతి పాదంలో కొత్త బొమ్మ, కొత్త మాటలు. అలా పోయి పోయి రెండక్షరాల మాట దగ్గర ఆగి, దాన్నే మళ్ళీ మళ్ళీ కొడుతుంది. పొడుగు వాక్యం పక్కన పొట్టి మాట. దెబ్బకు ఒక మాట, మాటకు ఒక దెబ్బ. మాట నడకా తాళం నడకా ఒకటే కాబట్టి ఎంత వేగంలోనైనా విరగదు. నాలా నాలుగుల నడక ఉన్న పేరును మూడుల్లోకి నెట్టే అవస్థ వాళ్ళకు లేదు.

మన శతక కవులు ఇంకా ముందే ఈ కిటుకు కనిపెట్టారు. వేమన ఆటవెలది చూడండి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు వస్తాయి. సూర్యగణానికి మూడే మాత్రలు, ఇంద్రగణానికి నాలుగో ఐదో. అంటే మూడో పాదం చివర నడక బరువెక్కి కాస్త ఈడుస్తుంది. నాలుగో పాదానికి వచ్చేసరికి ఐదూ సూర్యగణాలే, సాఫీగా జారిపోతుంది. మకుటం సరిగ్గా ఆ పాదంలో కూర్చుంది. బడిపిల్లలకు పద్యంలో మూడో పాదం మర్చిపోయినా మకుటం మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు. రోజూ అదే మాట వస్తుంది కాబట్టి అంటారా? నిజమే. కానీ మెట్లు దిగినట్టు అది నోటిలోంచి దిగే తీరు కూడా ఒకసారి అని చూసుకోండి.

నా పాట దగ్గరికి వస్తే, దానికి ఒక లోపం ఉండిపోయింది. చరణం నాలుగు పాదాలూ నిండిపోయి, చివర "గట్టు మీద" అన్న వెంటనే పల్లవి "ఆ" మీద పెద్ద గొంతుతో ఎత్తుకోవాలి. ఒక్కరే పాడితే ఊపిరి అందదు. చరణం ఒక అమ్మాయి, పల్లవి అందరూ అని పంచుకున్నాం కాబట్టి గడిచిపోయింది. ఒంటరిగా పాడేవాళ్ళు చివరి తకిట వదిలేసి "పరుగు పరుగు గట్టు..." అని ఆపేయాలి. అప్పుడు మాట అసంపూర్తిగా ఉంటుంది. కానీ గసపోసుకుంటున్న మనిషి మాట అలాగే ఉంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

నాటిక వేసిన రాత్రి రెండో పల్లవికే జనానికి ఆ ఖాళీ తెలిసిపోయింది. "ఆఖరి బస్సూ" అని పిల్లలు అనగానే వెనక వరసల నుంచి రెండు చప్పట్లు వచ్చాయి, సరిగ్గా మూడో తకధిమిలో. ఎవరూ చెప్పలేదు. మూడో పాదంలో ఖాళీ లేదు కదా, అక్కడ ఎవరూ కొట్టలేదు. నాలుగో పాదంలో మళ్ళీ రెండు చప్పట్లు. చేతులు గాల్లో నిలిపి ఉన్న డప్పు పెద్దాయన నావైపు తిరిగి, "చూశారా మాష్టారూ, నన్ను వాయించొద్దన్నారు, ఊరంతా వాయిస్తోంది" అన్నారు.